కొనుగోలు పట్టికలో కార్టన్లు, డజన్లు, కిలోలు, విడి లెక్క: పరిమాణాల మార్పిడి

ఒకే సరుకును వాడేవారు ఒక లెక్కలో అడుగుతారు, అమ్మేవారు మరో లెక్కలో పంపుతారు, బిల్లు ఇంకో లెక్కలో వస్తుంది. ఈ మూడింటినీ ఒకే కొలతకు తెచ్చి ఎంత కావాలో, ఎంత ఆర్డరు పెట్టాలో, ఎంత అందిందో సరిపోల్చడమే కొనుగోలు పట్టికలో పరిమాణాల మార్పిడి. కోడిగుడ్డు దీనికి మంచి ఉదాహరణ. హాస్టల్ వంటవాడు గుడ్లను తలకొకటి చొప్పున లెక్కిస్తాడు. టోకు వ్యాపారి 30 గుడ్ల ట్రేల్లోనో, ఏడు ట్రేలు పట్టే 210 గుడ్ల కార్టన్లలోనో ఇస్తాడు. చిల్లర దుకాణంలో డజను లెక్క నడుస్తుంది. జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ (నెక్) రోజూ ప్రకటించే ధర మాత్రం నూరు గుడ్లకు. ఒక్క సరుకుకే ఐదు లెక్కలున్నాయి. వీటిలో ఏ రెండూ పట్టికలో కలగాపులగమైనా మొత్తం తప్పుతుంది.

కార్టన్, డజను, కిలో, విడి లెక్క అనే నాలుగు కొలతలూ ఒకే జాతివి కావు. డజను ఎక్కడైనా పన్నెండే. కిలో ఎక్కడైనా వెయ్యి గ్రాములే. 1956 నాటి తూనికలు కొలతల ప్రమాణాల చట్టంతో దేశంలో మెట్రిక్ పద్ధతి వచ్చాక వీశె, మణుగు వంటివి బజారు నుంచి క్రమంగా తప్పుకున్నాయి. కార్టన్ అలాంటిది కాదు. అది కొలత కాదు, అట్టపెట్టె. అందులో ఎన్ని పట్టాలో తయారీదారు నిర్ణయిస్తాడు. లీటరు నూనె పాకెట్ల కార్టన్‌కూ, సబ్బుల కార్టన్‌కూ పేరులో తప్ప పోలిక లేదు. ఇక విడి లెక్కను కిలోల్లోకి మార్చడానికి ఏ చట్టమూ, ఏ పెట్టె మీది ముద్రా పనికిరావు. కాయ బరువును బట్టి అది వారం వారం మారుతుంది. అంటే మార్పిడి గుణకాలు మూడు రకాలు: ఎప్పటికీ మారనివి, ప్యాకింగ్ మారేదాకా నిలిచేవి, తూచి చూస్తే తప్ప తెలియనివి. పట్టికల్లో వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం రెండో రకాన్నో మూడో రకాన్నో మొదటి రకంగా భావించడం వల్ల వచ్చేవే.

మూల ప్రమాణం

ప్రతి సరుకుకూ ఒక మూల ప్రమాణాన్ని ముందే ఖాయం చేయాలి. పట్టికలో కూడికలు, తీసివేతలు, నిల్వ లెక్క అన్నీ అందులోనే జరగాలి. వాడకం ఏ కొలతలో జరుగుతుందో అదే సాధారణంగా మూల ప్రమాణం అవుతుంది: గుడ్లకు విడి గుడ్డు, బియ్యానికి కిలో, సబ్బులకు ఒక్క బిళ్ల. కొనే కొలతను మూల ప్రమాణంగా పెట్టుకుంటే మొదట్లో సుఖంగానే ఉంటుంది గాని, సరుకు ఇచ్చే వ్యాపారి మారిన రోజున పాత లెక్కలన్నీ తిరగరాయాల్సి వస్తుంది.

పట్టికలో ప్రతి వరుసకూ సరుకు కోడ్, అంకె, కొలత అనే మూడు గడులు విడివిడిగా ఉండాలి. ఒకే గడిలో «5 కార్టన్లు 5 ట్రేలు» అని టైపు చేస్తే మనిషికి అర్థమవుతుంది గాని ఎక్సెల్ దాన్ని అంకెగా తీసుకోదు. అది వట్టి అక్షరాలు. SUM ఆ గడిని చడీచప్పుడు లేకుండా దాటేస్తుంది, మొత్తం తక్కువ వస్తుంది, ఎర్రరంగు హెచ్చరికేదీ కనిపించదు. రెండు రకాల ప్యాకింగుల్లో సరుకు తీసుకుంటే రెండు వరుసలు రాయడమే మేలు.

గుణకాలకు వేరే షీటు కావాలి. అందులో ఒక్కో వరుస ఒక సరుకుకు, ఒక కొలతకు చెందుతుంది. EGG|DOZ పక్కన 12, EGG|TRAY పక్కన 30, EGG|CTN పక్కన 210 ఉంటాయి. సరుకు కోడ్, కొలత కలిపి తాళంచెవిలా వాడటంలోనే కిటుకంతా ఉంది. కొలత పేరొక్కటే వాడితే CTN అన్న చోటల్లా ఒకే అంకె వచ్చి పడుతుంది. Units అనే షీటులో A నిలువులో ఈ తాళంచెవి, D నిలువులో గుణకం ఉన్నాయనుకుంటే, ఆర్డరు షీటులో సరుకు కోడ్ A లో, అంకె C లో, కొలత D లో ఉన్న వరుసకు సూత్రం ఇది:

```
=C2*XLOOKUP(A2&"|"&D2, Units!A:A, Units!D:D)
```

XLOOKUP లేని పాత ఎక్సెల్‌లో INDEX, MATCH జంట అదే పని చేస్తుంది. MATCH చివర 0 తప్పనిసరి. VLOOKUP వాడేవారు చివరి FALSE మరిచిపోతే, దొరకని తాళంచెవికి దగ్గరగా ఉన్న మరేదో సరుకు గుణకం వచ్చి కూర్చుంటుంది. పై సూత్రం గుణకం దొరక్కపోతే #N/A చూపిస్తుంది. చూడ్డానికి బాగా లేదని దాన్ని IFERROR తో కప్పి 1 వచ్చేలా చేసేవారున్నారు. పట్టికకు అంతకన్నా చేటు లేదు. గుణకం నమోదు కాని కార్టన్ ఒక్క గుడ్డుగా లెక్కకెక్కుతుంది, ఆ తప్పు నిల్వ లెక్క దాకా పాకుతుంది. #N/A వరుస ఆగిపోయి మనిషిని పిలుస్తుంది; అదే దాని పని.

గుడ్ల లెక్క

430 మంది విద్యార్థులున్న ఒక హాస్టల్‌లో వారానికి తలకు మూడు గుడ్లు పెడతారనుకుందాం. వడ్డించాల్సినవి 1290. దారిలో, వంటశాలలో నూటికి రెండు పగులుతాయని అనుభవం చెబితే 1290ని 1.02తో గుణించడం కాదు, 0.98తో భాగించాలి, కొన్నవాటిలో 98 శాతం మిగలాలన్నది లెక్క. 1316.3 వస్తుంది కాబట్టి 1317. నిల్వలో 140 ఉంటే కొనాల్సినవి 1177.

ఇక్కడిదాకా అంతా విడి గుడ్ల లెక్కే. ఆర్డరు పెట్టే ఘట్టంలోనే, అదీ ఒక్కసారే, ప్యాకింగులోకి మార్చి పైకి సవరించాలి. 1177ని 210తో భాగిస్తే 5.6 వస్తుంది. పైకి సవరిస్తే ఆరు కార్టన్లు, అంటే 1260 గుడ్లు; 83 ఎక్కువ. వ్యాపారి విడి ట్రేలు కూడా ఇస్తాడంటే ఐదు కార్టన్లు, ఐదు ట్రేలతో సరిపోతుంది. అప్పుడు 1200 గుడ్లు వస్తాయి, అదనం 23కు దిగుతుంది.

ఈ విభజనకు చాలామంది ముందు కార్టన్లు తీసి, మిగిలిన గుడ్లను ట్రేలకు సవరిస్తారు. మామూలుగా అది సరైన జవాబే ఇస్తుంది. కాని కొనాల్సినవి 1255 అయితే ఐదు కార్టన్లు పోగా 205 మిగిలి, ఏడు ట్రేలుగా తేలుతుంది. ఏడు ట్రేలంటే ఒక కార్టన్ కదా. ఆర్డరు చీటీ మీద «5 కార్టన్లు 7 ట్రేలు» అని కనబడితే వ్యాపారికి అనుమానం వస్తుంది, లేదా ఏడు విడి ట్రేలు కట్టి పంపుతాడు. ముందు మొత్తాన్ని ట్రేలకు సవరించి, ఆ ట్రేలను కార్టన్లుగా విడగొడితే ఈ చిక్కు రాదు. కొనాల్సిన గుడ్లు F2లో ఉంటే మొదటి సూత్రం G2లో మొత్తం ట్రేలను, తర్వాతి రెండూ కార్టన్లను, విడి ట్రేలను ఇస్తాయి:

```
=ROUNDUP(F2/30,0)
=INT(G2/7)
=MOD(G2,7)
```

1177 గుడ్లకు 40 ట్రేలు, అందులోంచి ఐదు కార్టన్లు, ఐదు ట్రేలు. 1255కు 42 ట్రేలు, సరిగ్గా ఆరు కార్టన్లు.

డజను ఈ వరుసలో ఇమడదు. ట్రే రెండున్నర డజన్లు, కార్టన్ పదిహేడున్నర డజన్లు. ఐదు కార్టన్లను డజన్లలో రాయమంటే 87.5 అవుతుంది, గడిలో దశాంశం లేకుండా 88 అని రాస్తే, దాన్నే మళ్లీ గుడ్లలోకి మార్చినప్పుడు 1050 కాస్తా 1056 అవుతుంది. లేని ఆరు గుడ్లు పుస్తకంలో పుట్టాయి. నెలాఖరున నిల్వ తనిఖీ చేసేటప్పుడు వాటి కోసం ఎవరినో నిలదీయడం, పగిలిన లెక్కను పెంచి సర్దేయడం జరుగుతుంది. మధ్యలో సవరించకూడదనే నియమం పుట్టింది ఇందుకే. గడిలో కనబడే అంకెను తక్కువ దశాంశాలతో చూపించుకోవచ్చు. లోపలి విలువను మాత్రం కత్తిరించకూడదు.

ధరకూ ఇదే దారి. నూరు గుడ్ల ధర 580 రూపాయలనుకుంటే గుడ్డు 5.80, డజను 69.60, ట్రే 174, కార్టన్ 1218. ధర చెప్పే కొలతా, సరుకు పంపే కొలతా వేరుగా ఉండటం గుడ్లకే పరిమితం కాదు. కోనసీమలోని అంబాజీపేట మార్కెట్‌లో కొబ్బరికాయల ధర వెయ్యి కాయలకు చెబుతారు. కాబట్టి పట్టికలో «ధర» అన్న ఒక్క గడి చాలదు. ఆ ధర ఎన్నింటికో చెప్పే గడి పక్కనే ఉండాలి.

నూనె: లీటరూ కిలో ఒకటి కావు

వంటనూనెలో తప్పు కంటికి ఆనదు. మన వాతావరణంలో లీటరు పొద్దుతిరుగుడు నూనెగానీ పామాయిల్‌గానీ సుమారు 910 గ్రాములు తూగుతుంది. పాకెట్ల మీద లీటరు పక్కన 910 గ్రాములని ఉండేది అందుకే. వేడికి నూనె వ్యాకోచిస్తుంది కాబట్టి లీటరు బరువు ఉష్ణోగ్రతతో మారుతుంది. ప్యాకింగ్ ఉష్ణోగ్రతను ఎక్కువగా చూపి బరువు తగ్గించే వీలుందని గమనించి, 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఉష్ణోగ్రత ప్రస్తావన లేకుండా నికర పరిమాణాన్ని, బరువును సరిగా ముద్రించమని నూనె కంపెనీలకు చెప్పింది. కొనేవారికి దీని తాత్పర్యం, మూల ప్రమాణంగా లీటరు కంటే కిలో నమ్మదగినది అని.

బజారులో 15 లీటర్ల డబ్బా, 15 కిలోల డబ్బా రెండూ దొరుకుతాయి, చూడ్డానికి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. పట్టికలో రెండింటినీ «డబ్బా» అంటే లెక్క చెడుతుంది. 15 లీటర్ల డబ్బాలో ఉన్నది 13.65 కిలోలు, 15 కిలోల డబ్బాలో దాదాపు పదహారున్నర లీటర్లు. పై హాస్టల్‌లోనే తలకు రోజుకు 20 మిల్లీలీటర్ల చొప్పున వారానికి 60.2 లీటర్లు, అంటే 54.78 కిలోల నూనె కావాలి. కిలోల డబ్బాలైతే నాలుగు చాలు. లీటర్ల డబ్బాలు నాలుగు తెస్తే 60 లీటర్లే. కాసింత తగ్గిందని ఐదోది తేవాలి, లేదా పాత నిల్వతో సర్దుకోవాలి.

ధర పోల్చేటప్పుడు తేడా ఇంకా బాగా తెలుస్తుంది. లీటర్ల డబ్బా 1950 రూపాయలకు, కిలోల డబ్బా 2100కు ఇస్తామన్నారనుకుందాం. డబ్బాకు డబ్బా చూస్తే మొదటిది 150 చవక. కిలోకు తెస్తే మొదటిది 142.86, రెండోది 140. చవకగా కనబడినదే ప్రియం. పట్టికలో వీటికి OIL|TIN15L, OIL|TIN15K అని వేర్వేరు తాళంచెవులు, 13.65, 15 అని వేర్వేరు గుణకాలు ఉంటే ఈ పోలిక దానంతటదే జరిగిపోతుంది. పన్నెండు లీటరు పాకెట్ల కార్టన్‌కు 10.92 అని మూడో వరుస చేరుతుంది.

అరటిపళ్లు: తూచి తెలుసుకునే గుణకం

అరటిపళ్లను వడ్డించేది విడిగా, అమ్మేది డజన్లలో, అత్తాల్లో, గెలల్లో, కిలోల్లో. ఒకే పేరుతో వచ్చే పండు కూడా తోటను బట్టి, గెలలో పైనున్న అత్తమా కిందిదా అన్నదాన్ని బట్టి బరువు మారుతుంది. అందువల్ల కిలోకు ఎన్ని పళ్లన్నది నమూనా తూచి కట్టాల్సిన అంకె. వేర్వేరు అత్తాల్లోంచి మూడు డజన్లు తీసి, వ్యాపారి ఎలా తూచి ఇస్తాడో అలాగే, అంటే కాడతో ఇస్తే కాడతోనే తూచాలి. కాడ తీసి తూచిన గుణకంతో కాడ ఉన్న సరుకును ఆర్డరు పెడితే ప్రతిసారీ పళ్లు తగ్గుతాయి.

ఒక వారం 36 పళ్లు 4.5 కిలోలు తూగాయి. పండుకు 125 గ్రాములు, కిలోకు ఎనిమిది. 430 మందికి 53.75 కిలోలు, అంటే 54 కిలోల ఆర్డరు. మరుసటి వారం లావు పళ్లొచ్చాయి; అదే 36 పళ్లు 5.04 కిలోలు, పండుకు 140 గ్రాములు. పాత గుణకంతో 54 కిలోలే తెప్పిస్తే వచ్చేవి 385 పళ్లు. బరువు సరిపోయింది, బిల్లు సరిపోయింది, 45 మందికి మాత్రం పండు లేదు. కొత్త గుణకంతో కావాల్సింది 60.2 కిలోలు.

ఇలాంటి సరుకుకు గుణకం పక్కన తూచిన తేదీ ఉండాలి, తేదీ పాతబడితే గడి రంగు మారేలా పెట్టుకోవాలి. నమూనా తూచే వీలు లేని రోజున పళ్లు తక్కువ కాకూడదంటే లావు పండు బరువును లెక్కలోకి తీసుకోవాలి. అంతకన్నా తేలిక, లెక్కపెట్టి వడ్డించే సరుకును లెక్కపెట్టి ఇచ్చే వ్యాపారి దగ్గరే కొనడం. 430 పళ్లంటే 36 డజన్లు, రెండు పళ్లు మిగులుతాయి. కాని డజను ధర చెప్పేవాడు చిన్న పళ్లు అంటగట్టవచ్చు. అందుకని డజను ధరను కూడా కిలోకు మార్చి చూసుకోవడం కొనుగోలు చేసేవారికి తెలిసిన జాగ్రత్తే. ఉల్లి, బంగాళదుంపల బస్తాలకు ఇంత శ్రమ అక్కర్లేదు. బస్తాను లెక్కపెట్టకుండా, గోనెసంచి బరువు తీసేసి, తూచిన కిలోలనే రాస్తే చాలు.

ప్యాకింగ్ మారినప్పుడు

బిస్కెట్లు, సబ్బుల వంటి వాటిలో ధర కదలకుండా పాకెట్ బరువు తగ్గడం, కార్టన్‌లో పాకెట్ల సంఖ్య మారడం మామూలే. అప్పుడు గుణకాల షీటులో పాత అంకెను చెరిపి కొత్తది రాస్తే, నిరుటి ఆర్డర్లన్నీ కొత్త గుణకంతో మళ్లీ లెక్కకట్టబడతాయి. ముగిసిన నెలల నిల్వ కూడా మారిపోతుంది. కొత్త ప్యాకింగుకు కొత్త తాళంచెవి ఇవ్వడం సరైన పద్ధతి: SOAP|CTN72 అలాగే ఉంటుంది, దాని కింద SOAP|CTN96 చేరుతుంది. సరుకు దిగినప్పుడు కార్టన్ మీది ముద్రను చూసి, ఏ తాళంచెవి వాడాలో అప్పుడే నిర్ణయించాలి. పాత ఆర్డరు కాగితాన్ని చూసి నింపితే ఈ మార్పు పట్టుబడదు.

«పన్నెండు కొంటే ఒకటి ఉచితం» లాంటి స్కీములతో మరో తికమక వస్తుంది. దాని కోసం గుణకాన్ని 13గా మార్చకూడదు. స్కీము ముగిసిన రోజున ఆ 13 అక్కడే మిగిలిపోతుంది. ఉచితంగా వచ్చినవాటిని వేరే గడిలో విడిగా రాసి, నిల్వకు కలిపి, ఒక్కోదాని ఖరీదును మాత్రం మొత్తం పదమూడింటికి పంచాలి.

తప్పు ఎలా బయటపడుతుంది

కొలత తప్పిన వరుసను కనిపెట్టడానికి పరిమాణాన్ని చూడటం కంటే మూల ప్రమాణానికి పడిన ధరను చూడటం తేలిక. సరుకు అందిన ప్రతి వరుసలో బిల్లు మొత్తాన్ని మూల పరిమాణంతో భాగించి, దాన్ని కిందటిసారి ధరతో భాగించిన నిష్పత్తిని పక్క గడిలో ఉంచాలి. బజారు ధర వారంలో కొద్దిగా అటూ ఇటూ అవుతుంది. ఏడు రెట్లు కాదు. గుడ్డు ధర 40.60 అని వస్తే అది 5.80కి సరిగ్గా ఏడు రెట్లు, అంటే కార్టన్ వచ్చిన చోట ట్రే అని రాశారు. 83 పైసలొస్తే ట్రేను కార్టన్‌గా రాశారు. రెండున్నర రెట్లుంటే ట్రేను డజనుగా, పన్నెండు రెట్లుంటే డజనును విడి గుడ్డుగా రాశారు. తప్పు ఉందని చెప్పడంతో ఆగకుండా, ఆ నిష్పత్తి తప్పేమిటో కూడా చెప్పేస్తుంది.

నూనెకు ఈ పరీక్ష మందంగా పనిచేస్తుంది. లీటరును కిలోగా రాస్తే తేడా తొమ్మిది శాతమే. నూనె ధర ఒక్క వారంలో అంత మారినా ఎవరూ ఆశ్చర్యపోరు. కాబట్టి నూనె డబ్బాలను దిగుమతి వేళ ఒకటైనా తూచి, ఖాళీ డబ్బా బరువు తీసేసి చూడాలి. అరటిపళ్లకు ధర పరీక్ష అసలు పనికిరాదు, కిలో ధరలో లోపమే ఉండదు. అక్కడ తూకంతోపాటు కాయలను లెక్కపెట్టాల్సిందే.

టాలీ వంటి లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఇదే పనికి రెండు సదుపాయాలున్నాయి. ఒక డజనుకు 12 అన్నట్టు స్థిరమైన జంటను కాంపౌండ్ యూనిట్‌గా నమోదు చేస్తారు. అది ఏ సరుకుకైనా ఒకటే. ఒక్కో సరుకుకు విడిగా ఇచ్చేది ఆల్టర్నేట్ యూనిట్. కార్టన్లు, డబ్బాలు చేరాల్సింది ఇక్కడే. కార్టన్‌ను కాంపౌండ్ యూనిట్‌గా పెడితే దాన్ని వాడిన సరుకులన్నిటికీ ఒకే అంకె అంటుకుంటుంది, విడి షీటులో కొలత పేరొక్కటే తాళంచెవిగా పెట్టుకున్నప్పటి తప్పే ఇక్కడా జరుగుతుంది. జీఎస్టీ రిటర్నుల్లో పరిమాణానికి వాడే కోడ్లలో CTN, DOZ, KGS, PCS నాలుగూ ఉన్నాయి. DOZ, KGS ల విలువ ఆ పేర్లలోనే ఉంది. CTN లో ఎన్ని ఉన్నాయో చెప్పే గడి ఆ జాబితాలో లేదు, ఆ అంకెను కొనేవారి షీటే దాచుకోవాలి.